సినిమాలో ఇంకో సినిమా ఉంటే దాన్ని ఎలా చూడాలి: 'త్రూ ది ఆలివ్ ట్రీస్' పట్టుకుని స్టెప్ బై స్టెప్

కథలో ఎక్కడో షూటింగ్ జరుగుతుంటుంది, క్లాప్ కొడతారు, యాక్షన్ అంటారు, మనం దాన్ని పెద్దగా పట్టించుకోకుండా షూటింగ్ బయట హీరో హీరోయిన్ల మధ్య ఏం జరుగుతుందా అని చూస్తూ ఉంటాం. చాలా సినిమాలకి అలా చూసినా సరిపోతుంది. కానీ కొన్ని సినిమాల్లో మాత్రం బయట మనుషులు నోరు తెరిచి చెప్పుకోలేని మాట మొత్తం లోపల తీస్తున్న సినిమాలోనే ఉంటుంది, దాన్ని వదిలేస్తే సగం కథ వదిలేసినట్టే. అది ఎలా పట్టుకోవాలో ఒక్క సినిమా తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చూద్దాం. పది సినిమాల పేర్లు చెప్పుకుంటూ పోతే ఏదీ లోతుగా అర్థం కాదు.

నేను తీసుకుంటున్నది ఇరాన్ డైరెక్టర్ అబ్బాస్ కియారోస్తమీ 1994లో తీసిన 'త్రూ ది ఆలివ్ ట్రీస్'. దీన్నే ఎందుకు అంటే, ఇందులో లోపలి సినిమా అంటూ మనకి కనిపించేది దాదాపు ఒక్క చిన్న సీనే, ఒక ఇల్లు, ఒక మెట్ల వరస, పైన బాల్కనీ, ఓ కొత్త జంట, అంతే. ఆ సీనే మళ్లీ మళ్లీ తీస్తుంటారు. అందుకే లోపలి సినిమా బయటి కథతో ఎలా మాట్లాడుతుందో నేర్చుకోడానికి ఇంతకంటే తేలికైన సినిమా నాకు తెలిసి లేదు.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్ చెప్పాలి. 1990 జూన్‌లో ఉత్తర ఇరాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. కియారోస్తమీ అంతకుముందే, 1987లో, కోకర్ అనే ఊళ్లో పిల్లలతో ఒక సినిమా తీసి ఉన్నాడు. భూకంపం తర్వాత ఆ పిల్లలు బతికున్నారో లేదో అని ఒక డైరెక్టర్ కొడుకుని కార్లో ఎక్కించుకుని వెతుక్కుంటూ వెళ్లే కథతో 1992లో రెండో సినిమా తీశాడు, 'అండ్ లైఫ్ గోస్ ఆన్' అని. ఆ రెండో సినిమాలో ఒక చిన్న సీన్ ఉంటుంది, భూకంపంలో చుట్టాలంతా పోయాక కూడా ఆగకుండా వెంటనే పెళ్లి చేసుకున్న ఒక కుర్రాడు ఆ డైరెక్టర్‌తో మాట్లాడతాడు. మూడో సినిమా, అంటే మనం చూడబోయేది, ఆ చిన్న సీన్ షూటింగ్ ఎలా జరిగిందో చూపించే కథ.

ఇక మొదటి పని, పొరలు విడదీయడం. పేపర్ తీసుకుని ఎవరు ఏ పొరలో ఉన్నారో రాసుకోండి, నిజంగా రాయండి, మనసులో అనుకుంటే మధ్యలో కలిసిపోతాయి. ఈ సినిమాలో అన్నిటికంటే లోపల ఉన్నది కొత్త జంట సీన్, అందులో డైరెక్టర్‌గా కనిపించేది ఫర్హాద్ ఖేరద్మంద్, రెండో సినిమాలో కారేసుకుని తిరిగిన డైరెక్టర్ పాత్ర వేసింది ఆయనే. దాని బయట ఆ సీన్ తీస్తున్న యూనిట్ ఉంది, ఆ యూనిట్ డైరెక్టర్‌గా మొహమ్మద్ అలీ కెషావర్జ్ అనే నటుడు చేశాడు. దానికీ బయట, మనకి కనపడకుండా, అసలు కియారోస్తమీ ఉన్నాడు. అంటే ముగ్గురు డైరెక్టర్లు, ఇద్దరు నటిస్తున్నవాళ్లు, ఒకడు నిజం. సినిమా మొదలవగానే కెషావర్జ్ కెమెరా వైపు తిరిగి తన పేరు చెప్పి, డైరెక్టర్ పాత్ర వేస్తున్న నటుణ్ణి నేనే అని చెప్పేస్తాడు, మిగతావాళ్లని ఇక్కడి నుంచే తీసుకున్నాం అని కూడా చెప్తాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మనం ఏ పొరలో ఉన్నామో తెలియడానికి క్లాప్ బోర్డు మీదే ఆధారపడకండి. కెమెరా ఎక్కడుందో చూడండి. ఈ సినిమాలో టేక్ నడుస్తున్నంతసేపు మనకి కనిపించేది లోపలి కెమెరా చూసేదే, కదలని ఫ్రేమ్‌లో ఇల్లు, మెట్లు. కట్ అన్నాక ఎదురు షాట్ వస్తుంది, అప్పుడు కెమెరా పక్కన కూర్చున్న డైరెక్టర్ మొహం కనిపిస్తుంది. డైలాగ్ వినపడుతుంటే లోపల ఉన్నాం, సూచనలు వినపడుతుంటే బయట ఉన్నాం. ఒక్కోసారి రెండూ ఒకే ఫ్రేమ్‌లో కలుస్తాయి, నటులు ఇద్దరూ తమ తమ చోట్లలోనే ఉండి తర్వాతి టేక్ కోసం వెయిట్ చేస్తుంటారు, ఆ నిమిషాలు చాలా ముఖ్యం, వాటి దగ్గరికి తర్వాత వస్తా.

రెండో పని, లోపలి సినిమా కథని విడిగా ఒక్క వాక్యంలో రాయడం, బయటి కథని ఇంకో వాక్యంలో రాసి పక్కన పెట్టడం. లోపలి కథ ఇది: భూకంపం చుట్టాలందర్నీ తీసుకుపోయినా ఒక కుర్రాడు, ఒక అమ్మాయి ఎవరి పర్మిషన్ కోసం ఆగకుండా పెళ్లి చేసుకుని కాపురం పెట్టేశారు. బయటి కథ ఇది: మొగుడి వేషం వేస్తున్న హొస్సేన్ పెళ్లాం వేషం వేస్తున్న తాహెరెని నిజంగానే పెళ్లి చేసుకుంటానని అడిగాడు, ఇల్లు లేదు చదువు రాదు అని వాళ్ల పెద్దలు కాదన్నారు, ఆ అమ్మాయి అతనితో ఒక్క మాట కూడా మాట్లాడదు.

రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టగానే తెలిసిపోతుంది, రెండింట్లోనూ అదే భూకంపం, అదే ఇద్దరు మనుషులు, కానీ ఫలితం పూర్తిగా తిరగబడింది. లోపల పెద్దలు చనిపోయారు కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు లేరు, పెళ్లయిపోయింది. బయట తాహెరె అమ్మానాన్నా భూకంపంలో పోయారు, అయినా అడ్డు పోలేదు, నానమ్మ ఉంది, ఆవిడా అదే మాట అంటుంది, ఇల్లు లేనివాడికి పిల్లనివ్వం అని. చూశారా, లోపలి సీన్ ఒక్కదాన్నే చూస్తే భూకంపం అందర్నీ సమానం చేసేసింది, జీవితం మళ్లీ మొదలైంది అని ఆశగా అనిపిస్తుంది. బయటి కథ పక్కన పెడితే ఆ ఆశ ఎంతవరకు నిజమో కనిపిస్తుంది, ఇళ్లన్నీ కూలిపోయిన ఊళ్లో కూడా ఇల్లుందా అనే అడుగుతున్నారు. నా దృష్టిలో ఈ సినిమా గుండెకాయ ఇదే, కియారోస్తమీ రెండేళ్ల కింద తను తీసిన సీన్‌నే తీసుకుని, అది ఎంత నిజం అని తనే ప్రశ్న వేసుకుంటున్నాడు.

హొస్సేన్‌కి దీని గురించి సొంత సిద్ధాంతం కూడా ఉంది. డైరెక్టర్ కార్లో మాట్లాడుతూ ఇంకో అమ్మాయిని, చదువు రాని అమ్మాయిని చూసుకోవచ్చు కదా అన్నట్టు అడిగితే ఒప్పుకోడు. చదువుకున్నవాళ్లు చదువు లేనివాళ్లని, ఇల్లున్నవాళ్లు ఇల్లు లేనివాళ్లని చేసుకుంటే అందరికీ బాగుంటుంది కదా, ఇద్దరికీ ఇళ్లుంటే తల ఒక ఇంట్లో కాళ్లు ఇంకో ఇంట్లో పెట్టుకుని పడుకోలేం కదా అన్న అర్థంలో చెప్తాడు. తాపీ పని చేసిన కుర్రాడు, పిల్లలకి తనలా కాకుండా చదువు చెప్పగలిగే తల్లి కావాలని అడుగుతున్నాడు. లోపలి సినిమాలో ఇంత మాట చెప్పే చోటు లేదు, అక్కడ అతనికి రాసిచ్చిన డైలాగులు వేరు.

మూడో పని, నేనైతే ఎక్కువ టైం పెట్టేది దీని మీదే: టేక్ ఎందుకు ఆగిందో ప్రతిసారీ రాసుకోండి. సినిమాలో సినిమా ఉన్న కథలో రెండు పొరలు ఒకదాన్నొకటి గుద్దుకునే చోటు టేక్ చెడిపోయే చోటే. కెమెరా జామ్ అయితే, లైట్ పోతే అది షూటింగ్ సంగతి. మనిషి వల్ల ఆగితే మాత్రం బయటి జీవితం లోపలి సినిమాలోకి చొరబడిందని అర్థం.

ఈ సినిమాలో టేకులు ఎలా చెడిపోతాయో వరసగా చూడండి. మొదట మొగుడి వేషానికి వేరే కుర్రాణ్ణి పెడతారు, మామూలుగా బాగానే మాట్లాడతాడు గానీ ఆడపిల్లతో మాట్లాడాల్సి వస్తే నత్తి వచ్చేస్తుంది, అందుకని తీసేసి యూనిట్‌లో పనులు చేస్తున్న హొస్సేన్‌ని పిలుస్తారు. హొస్సేన్ భుజాన మూట పెట్టుకుని మెట్లెక్కి తాహెరెకి సలాం చెప్పాలి, ఆమె తిరిగి చెప్పాలి. ఆమె చెప్పదు. స్క్రిప్ట్‌లో ఉన్న ఒక్క మాట చెప్పడానికి ఎందుకింత మొండితనం అని యూనిట్‌కి అర్థం కాదు, అప్పుడే డైరెక్టర్‌కి అసలు కథ తెలుస్తుంది. అంటే గమనించండి, బయటి కథ మనకి తెలిసిందే లోపలి సీన్ ఆగిపోవడం వల్ల. ఆమె సలాం చెప్పేసి ఉంటే ఈ సినిమాయే లేదు.

తర్వాత ఇంకోటి. స్క్రిప్ట్ ప్రకారం హొస్సేన్ తన చుట్టాల్లో 65 మంది పోయారని చెప్పాలి, అతని నోటికి 25 అనే వస్తుంది, ఎందుకంటే అతని వాళ్లలో నిజంగా పోయింది అంతమంది. డైరెక్టర్ 65 అనమంటాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆపి ఆలోచించండి. ఒక మనిషి తన సొంతవాళ్ల చావు లెక్కని సినిమా కోసం మార్చి చెప్పాలి, చెప్పలేకపోతున్నాడు, అది యాక్టింగ్ రాకపోవడం కాదు. ఆ చిన్న అంకె దగ్గర లోపలి సినిమా ఏం చేస్తుందో బయటపడిపోతుంది, అది నిజాన్ని తీసుకుని కొంచెం పెద్దది చేసి, కొంచెం అందంగా చేసి చూపిస్తుంది. ఎవరూ దీని మీద లెక్చర్ ఇవ్వరు, రీటేక్ అవుతుంది, అంతే.

మూడోది తాహెరె వైపు నుంచి. మొగుణ్ణి పేరుతో కాకుండా గౌరవంగా, హొస్సేన్ గారూ అన్నట్టు పిలవాలి, ఆమె ఉత్త హొస్సేన్ అనే అంటుంది, ఎన్నిసార్లు చెప్పినా అంతే. షూటింగ్ మొదటి రోజు కూడా ఆమె పల్లెటూరి బట్టలు వేసుకోనంటుంది, స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న మంచి గౌను వేసుకుంటానంటుంది, సహాయకురాలు షివా గారితో ఆ వాదన నడుస్తుంది. రెండూ కలిపి చూస్తే ఆ అమ్మాయి గురించి సినిమాలో ఎవరూ చెప్పని విషయం తెలుస్తుంది, తను చదువుకుంటున్న పిల్ల, కెమెరా ముందైనా సరే అణిగిమణిగి ఉండే పల్లెటూరి పెళ్లాంలా కనిపించడం ఆమెకి ఇష్టం లేదు. బయట ఆమె దాదాపు మాట్లాడదు, ఆమె మనసు తెలుసుకోడానికి మనకున్న దారి ఆమె చెడగొట్టిన టేకులే.

నాలుగో పని, టేక్‌కి టేక్‌కి మధ్య గ్యాప్‌లో ఏం జరుగుతుందో చూడటం. చాలామంది ఇక్కడ ఫోన్ చూసుకుంటారు, ఏమీ జరగట్లేదనుకుని. లోపలి సీన్‌లో హొస్సేన్ నా మేజోళ్లు ఎక్కడ అని పెళ్లాన్ని కేకేసే మొగుడు. కట్ అనగానే అతను గొంతు తగ్గించి తాహెరెకి చెప్పుకుంటాడు, నేను అలాంటివాణ్ణి కాదు, నిజంగా పెళ్లయితే నీతో అలా ఉండను అని. అంటే తను ఇప్పుడే వేసిన పాత్ర మీద తనే కంప్లైంట్ చేస్తున్నాడు. లోపలి సినిమా అతనికి ఆమె పక్కన నిలబడే చోటు ఇచ్చింది, మామూలుగా అయితే ఊళ్లో అది దొరకదు, కానీ అదే సినిమా అతన్ని ఆమె ముందు మొరటు మొగుడిలా నిలబెట్టింది. ఇచ్చిందీ అదే, చెడగొడుతున్నదీ అదే.

అదే గ్యాప్‌లో ఆమె పుస్తకం చదువుకుంటూ ఉంటుంది, అతను బతిమాలుతూ, మాట్లాడకపోతే పోనీ, నీకు ఇష్టమైతే ఆ పేజీ తిప్పు చాలు అంటాడు. చదువు రాదని కాదన్న మనిషి ఆమె జవాబుని పుస్తకం పేజీలో అడుగుతున్నాడు. ఇలాంటి చోట పాజ్ చేసి వెనక్కెళ్లి ఇంకోసారి చూడండి, ఆమె చేతుల్ని చూడండి, అతని మొహాన్ని కాదు.

ఐదోది, లోపలి సినిమా అయిపోయాక బయటి కథ ఎంతసేపు నడుస్తుందో, ఎలా నడుస్తుందో చూడటం. చాలా సినిమాలు షూటింగ్ ప్యాకప్‌తోనే ముగిసిపోతాయి. ఇక్కడ షూటింగ్ అయ్యాక తాహెరె బండి కోసం ఆగకుండా నడుచుకుంటూ వెళ్లిపోతుంది, హొస్సేన్ వెనకాలే మాట్లాడుకుంటూ వెళ్తాడు, కొండ మీది వంకర దారెక్కి, అటువైపు ఆలివ్ చెట్ల మధ్యకి దిగుతారు. డైరెక్టర్ కూడా వెనకాలే వెళ్లి కొండ మీద నుంచి చూస్తాడు. ఇక చివరి షాట్‌లో కెమెరా ఆ ఎత్తు నుంచి కదలదు, చాలాసేపు, ఇద్దరూ దూరంగా పచ్చటి పొలంలో తెల్లటి చుక్కలైపోతారు, ఒక చుక్క ఇంకో చుక్కని అందుకుంటుంది, తర్వాత వెనక్కి తిరిగి పరిగెత్తుకొస్తుంది. ఆమె ఏం చెప్పిందో మనకి వినపడదు.

దీన్ని చాలామంది ఓపెన్ ఎండింగ్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఒప్పుకుందో లేదో మీరే ఊహించుకోండి అని. నాకది సరిపోదు. ఇప్పటిదాకా చేసిన పని వెనక పెట్టుకుని చూడండి. సినిమా అంతా డైరెక్టర్ దగ్గరుండి ఈ ఇద్దరి నోట ఏ మాట రావాలో చెప్పాడు, సలాం చెప్పు, 65 అను, గారూ అను. చివరికి వాళ్లు నిజంగా తమ మాట మాట్లాడుకునే టైంకి అతను వినపడనంత దూరంలో ఉన్నాడు, డైలాగ్ ఇవ్వలేడు, రీటేక్ అడగలేడు. మన కెమెరా కూడా అతను నిలబడ్డ వైపే ఉంది. లోపలి సినిమాలో ఆమె మాటలన్నీ మనకి వినపడ్డాయి, అవేవీ ఆమెవి కావు. ఆమె సొంత జవాబు ఒక్కటే వినపడలేదు. అందుకే ఆ షాట్ జవాబు దాచిపెట్టి మనల్ని ఏడిపించడానికి కాదు, అది వాళ్లిద్దరి మాట కాబట్టి వాళ్లకే వదిలేయడానికి అని నేను నమ్ముతాను.

ఇప్పుడు ఈ పద్ధతిలో ఎక్కడ దారి తప్పుతారో చెప్తా. ఒకటి, బయటి పొర కనిపించగానే ఇదే నిజం, లోపలిదే అబద్ధం అనుకోవడం. మొదట్లో కెషావర్జ్ చెప్పిన మాట గుర్తుపెట్టుకోమన్నా కదా, డైరెక్టర్ పాత్ర వేస్తున్న నటుణ్ణి అని. బయటి పొరకీ స్క్రిప్ట్ ఉంది, హొస్సేన్ బతిమాలడం కూడా టేక్ చెప్పి తీసిందే. కాబట్టి ఏది నిజం అని అడక్కండి, లోపలి పొర దాచిన దేన్ని బయటి పొర చూపిస్తోంది అని అడగండి. రెండోది, ప్రతిదానికీ జోడీ వెతకడం. బాల్కనీలో పూలకుండీ ఉంటే దానికీ బయట ఒక అర్థం ఉండాలని లేదు. ఒకటి కంటే ఎక్కువసార్లు తిరిగొచ్చిన వాటినే తీసుకోండి, లేదా టేక్‌ని ఆపిన వాటిని.

మన దగ్గర ప్రాక్టీస్ చేయాలంటే 2018లో నాగ్ అశ్విన్ తీసిన 'మహానటి' చూడండి, కానీ అక్కడ లెక్క కొంచెం మారుతుంది. కోకర్ కొత్త జంట సీన్ చాలామంది ప్రేక్షకులకి తెలీదు, 'మాయాబజార్' మాత్రం మనకి నోటికొచ్చు. 1957 నాటి ఆ సినిమాలో సావిత్రి శశిరేఖతో పాటు శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ణి కూడా చేసింది, ఆడపిల్ల ఒంట్లోంచి ఎస్వీ రంగారావు ఠీవి కనిపించాలి. 'మహానటి'లో కీర్తి సురేష్ సావిత్రిగా అందులోని 'అహ నా పెళ్లియంట' పాట మళ్లీ చేస్తుంది, అంటే పొరలు రాసుకుంటే కీర్తి, సావిత్రి, మాయా శశిరేఖ, ఘటోత్కచుడు, నాలుగవుతాయి. ఇలా లోపలి సినిమా ప్రేక్షకుడికి ముందే తెలిసినప్పుడు రెండో పనిలో వాక్యం రాయక్కర్లేదు, దాని బదులు లోపలి సినిమాలో ఏ సీన్లు ఎంచుకున్నారు, ఏవి వదిలేశారు, జీవితంలో ఏ సంఘటన పక్కన పెట్టారు అని రాసుకోండి. అర్థం ఆ ఎంపికలో ఉంటుంది.

ఇక మీరే అలాంటి స్క్రిప్ట్ రాసుకుంటుంటే ఒక టెస్ట్ పెట్టుకోండి. లోపలి సినిమాని మొత్తం తీసేసి, హీరో హీరోయిన్ల వృత్తి మార్చేసి, ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారని రాసి చూడండి. కథ అలాగే నిలబడితే మీ లోపలి సినిమా సెట్ ప్రాపర్టీ మాత్రమే. 'ఆలివ్ ట్రీస్'లో అది కుదరదు, ఎందుకంటే ఆ ఊళ్లో తాహెరె హొస్సేన్‌తో ఒక్క ముక్కైనా మాట్లాడాల్సిన చోటు ఆ స్క్రిప్ట్ ఒక్కటే. టెస్ట్‌లో పాసవ్వకపోతే బయటి కథ జోలికి పోకండి, లోపలి సీన్ మార్చండి, అది కూడా చిన్నది చేయండి. హీరో నోటికి బయట తను చెప్పలేని మాటనో, అస్సలు చెప్పకూడదనుకున్న మాటనో అక్కడ డైలాగ్‌గా పెట్టి, ఎన్ని టేకులకి చెప్పగలుగుతాడో రాసుకుంటూ వెళ్లండి.